బడ్జెట్ రోజు ఎక్స్‌లో థ్రెడ్ వేసే ముందు: పన్నుల మీద రాసేవారికి జాగ్రత్తలు

ఫిబ్రవరి 1 ఉదయం 11 గంటలకు ఆర్థిక మంత్రి ప్రసంగం మొదలవుతుంది. పన్నుల మీద తెలుగులో రాసేవారికి ఏడాది మొత్తంలో ఎక్కువమంది చదివే రోజు అదే, ఎక్కువ తప్పులు దొర్లే రోజూ అదే. తిరుపతిలో నా థ్రెడ్లు చదివేవారిలో దేవస్థానం ఉద్యోగులు, స్విమ్స్ నర్సులు, శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో పనిచేసే కుర్రాళ్లు, రిటైరైన టీచర్లు ఉంటారు. వాళ్లు ఆ పోస్టును వాట్సాప్ గ్రూపులో పెట్టి, దాన్ని బట్టి ఆఫీసులో అకౌంట్స్ వాళ్లను నిలదీస్తారు. కాబట్టి మనం రాసిన ఒక్క ముక్క తప్పయితే ఇబ్బంది పడేది వాళ్లే. కొత్తగా రాయడం మొదలుపెట్టిన మన జిల్లా పిల్లలు కొందరు ఏం జాగ్రత్తలు తీసుకోవాలని అడుగుతున్నారు. వాళ్ల కోసం 2025 బడ్జెట్‌నే ఉదాహరణగా తీసుకుని చెబుతాను, ఎందుకంటే అందులో జారిపడే చోట్లన్నీ ఉన్నాయి.

ఆ రోజు మధ్యాహ్నానికి ఎక్కడ చూసినా ఇదే తరహా పోస్టు కనిపించింది:

"బ్రేకింగ్! 12 లక్షల వరకు ఇక పన్ను లేదు. ఈసారి రిటర్న్ వేసేవాళ్లకు పండగే!"

ఇందులో 12 లక్షలు అన్న అంకె నిజమే. అయినా పోస్టు తప్పు. మొదటి తప్పు "ఈసారి" అన్న మాటలో ఉంది. ఆ మార్పు 2025-26లో సంపాదించే ఆదాయానికి, అంటే 2026లో వేసే రిటర్నుకు. 2025లో వేయాల్సిన రిటర్ను 2024-25 ఆదాయానిది, దానికి పాత స్లాబులే. పాత స్లాబుల్లో, కొత్త విధానంలోనే, పన్ను లెక్కకొచ్చే ఆదాయం 12 లక్షలున్న మనిషికి పన్ను 80,000 రూపాయలు, సెస్సుతో కలిపి 83,200. ఆ పోస్టు నమ్మి ఆ డబ్బు ఖర్చు పెట్టేసుకుంటే జూలైలో ఏమవుతుందో చెప్పక్కర్లేదు. బడ్జెట్ అయిన నెలలోనే ఈ ప్రశ్న వస్తుంది కూడా: "అన్నా, 12 లక్షల దాకా లేదన్నారు కదా, మరి ఫిబ్రవరి జీతంలో మాకు టీడీఎస్ ఎందుకు కోశారు?" కోసింది సరిగ్గానే కోశారు తమ్ముడూ, ఆ జీతం పాత సంవత్సరంలోది. ఈ జవాబు కింద కామెంట్లలో కాదు, మొదటి పోస్టులోనే ఉండాలి.

రెండో తప్పు, 12 లక్షలు ఎవరి 12 లక్షలో చెప్పకపోవడం. స్లాబు ప్రకారం 4 లక్షలు దాటిన దగ్గర్నుంచీ పన్ను లెక్క మొదలవుతుంది. 12 లక్షల లోపు వారికి అది సున్నా అయ్యేది 60,000 రూపాయల వరకు ఇచ్చే రిబేటు వల్ల. జీతగాళ్లకు 75,000 స్టాండర్డ్ డిడక్షన్ ఉంది కాబట్టి జీతం 12,75,000 వరకు సున్నా. పాత విధానంలో ఉన్నవారికి ఇవేవీ వర్తించవు. షేర్ల లాభాల్లాగా ప్రత్యేక రేటు ఉన్న ఆదాయానికి ఈ రిబేటు రాదు. మూడోది, ఆ రోజుకు అది ప్రతిపాదన మాత్రమే. ఫైనాన్స్ బిల్లు పార్లమెంటులో పాసయ్యాకే చట్టం.

అందుకే నా మొదటి జాగ్రత్త, ప్రసంగం వింటూ పోస్టు వేయకండి. ప్రసంగంలో పన్నుల సంగతి రెండో భాగంలో వస్తుంది, అదీ క్లుప్తంగా. ప్రసంగం ముగియగానే indiabudget.gov.in లో ఫైనాన్స్ బిల్లు, దాంతోపాటు వివరణ మెమోరాండం పెడతారు. ఏ మార్పు ఏ తేదీ నుంచి, ఏ సంవత్సరం ఆదాయానికి, ఎవరికి అన్నది ఆ మెమోరాండంలో ప్రతి అంశం చివర స్పష్టంగా రాసి ఉంటుంది. మీ థ్రెడ్‌కు సంబంధించిన రెండు మూడు పేజీలు చదవడానికి అరగంట చాలు. ఆ అరగంటలో వందమంది ముందే పోస్టు వేసేస్తారన్న టెన్షన్ ఉంటుంది, నిజమే. కానీ తొందరలో వేసినవారి పోస్టు సాయంత్రానికి పాతబడుతుంది. తేదీతో, ఆధారంతో రాసినదాన్ని జనం జూలైలో రిటర్ను వేసేటప్పుడు వెతుక్కుని మళ్లీ చదువుతారు. నమ్మకం కుదిరేది అక్కడే.

జనవరి చివరి వారంలోనే చేసిపెట్టుకోవాల్సిన పని ఒకటుంది. ఇప్పుడు అమల్లో ఉన్న స్లాబులు, రిబేటు పరిమితి, స్టాండర్డ్ డిడక్షన్, షేర్ల లాభాల రేట్లు ఒక కాగితం మీద రాసి దగ్గర పెట్టుకోండి. పాతది కచ్చితంగా తెలియకుండా "పెరిగింది", "తగ్గింది" అని రాయడం ప్రమాదం. ఇంకో సంగతి: 1961 చట్టం స్థానంలో తెచ్చిన 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టానికి అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. అందులో సెక్షన్ల నంబర్లు మారాయి. 87ఏ లాంటి పాత నంబరు అలవాటుకొద్దీ రాసేస్తే చదివేవారు ఏ చట్టంలో వెతకాలో తెలియక తికమకపడతారు. నంబరు రాస్తే పక్కనే ఏ చట్టమో రాయండి, లేదా "రిబేటు" అని మామూలు మాటలో చెప్పండి.

ఇక రాయడం సంగతి. థ్రెడ్ అంటే పది పోస్టుల వ్యాసం అనుకుంటాం, కానీ జనం దాన్ని అలా చదవరు. మధ్యలో మూడో పోస్టు ఒక్కదాన్నే ఎవరో రీపోస్ట్ చేస్తారు, స్క్రీన్‌షాట్ తీస్తారు. అది చిత్తూరులో ఎవరి ఫోన్లోకో ఒంటరిగా చేరుతుంది. అందుకని ప్రతి పోస్టూ విడిగా చదివినా అబద్ధం కాకుండా ఉండాలి. "పైన చెప్పినట్టు", "వీళ్లకు మాత్రం కాదు, కింద చూడండి" అని మినహాయింపును తర్వాతి పోస్టుకు నెట్టడం నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద లోపం. మొదటి పోస్టు నేనైతే ఇలా రాస్తాను:

"ప్రతిపాదన, కొత్త పన్ను విధానం: పన్ను లెక్కకొచ్చే ఆదాయం 12 లక్షలు దాటని వారికి రిబేటుతో పన్ను సున్నా. వర్తించేది 2025-26 ఆదాయానికి, అంటే 2026లో వేసే రిటర్నుకు. షేర్ల లాభాలకు ఈ రిబేటు లేదు. ఆధారం: ఫైనాన్స్ బిల్లు 2025 మెమోరాండం."

ఎవరికి, ఎప్పటి నుంచి, ఎవరికి కాదు, ఎక్కడ రాసి ఉంది అన్న నాలుగూ ఇందులో ఉన్నాయి. డబ్బు కట్టని ఖాతాకు ఉండే 280 అక్షరాల హద్దులోనే సరిపోతుంది. అయితే తెలుగులో ఆ హద్దు మనం కంటితో చూసినదానికంటే ముందే వచ్చేస్తుంది. గుణింతం, పొల్లు, సున్నా ఒక్కోటీ విడిగా లెక్కకొస్తాయి. "పన్ను" చూడ్డానికి రెండక్షరాలు, ఎక్స్ లెక్కలో ఐదు. "స్టాండర్డ్ డిడక్షన్" ఒక్కటే 19 తీసుకుంటుంది. ₹ గుర్తు రెండు తింటుంది, "రూ." అని రాస్తే మూడు. లింకు ఎంత పొడుగున్నా 23. చోటు చాలక చివర్లో కత్తిరించేటప్పుడు చాలామంది తీసేసేది సంవత్సరాన్నో మినహాయింపునో. వాటిని ముట్టుకోకండి. "బ్రేకింగ్", "శుభవార్త", ఎమోజీలు ముందు తీసేయండి.

తర్వాతి పోస్టుల్లో ఒక్క మనిషి లెక్క చివరిదాకా చేసి చూపించండి. మన దగ్గర అందరికీ అర్థమయ్యే ఉదాహరణ శ్రీసిటీలో ఉద్యోగి:

"2025-26లో జీతం 11,75,000. స్టాండర్డ్ డిడక్షన్ 75,000 పోతే 11,00,000. దీనిపై పన్ను 50,000, రిబేటుతో సున్నా. లిస్టెడ్ షేర్లు ఏడాదిలోపే అమ్మిన లాభం 50,000 ఉంటే దానికి 20%, అంటే 10,000. సెస్సుతో కట్టాల్సింది 10,400."

ఈ మనిషి మొత్తం ఆదాయం 11,50,000, పన్నెండు లక్షలు దాటలేదు. అయినా పన్ను పడింది. "12 లక్షల వరకు సున్నా" అన్న పోస్టు ఇతన్ని మోసం చేసినట్టే. ఇలాంటి లెక్క వేసేటప్పుడు మెట్లు విడిగా కాగితం మీద రాసుకుని సరిచూసుకోండి: 4 నుంచి 8 లక్షల దాకా 5 శాతం చొప్పున 20,000, 8 నుంచి 11 దాకా 10 శాతం చొప్పున 30,000. మొత్తం 50,000. వీలైతే పోస్టు వేయకముందే తెలిసిన ఆడిటర్‌కో, ఆఫీసులో టీడీఎస్ చూసేవారికో చూపించండి. వాళ్లు ఒక్క చూపులో పట్టేసే తప్పు మనకు పదిసార్లు చదివినా కనబడదు.

బడ్జెట్ రోజు ఇంకో ఊబి షేర్ల మాట. రైల్వేకు ఇంత కేటాయించారు కాబట్టి ఫలానా షేరు కొనండి, టార్గెట్ ఇంత అని రాయాలనిపిస్తుంది, లైకులూ దానికే ఎక్కువ. షేర్ల సిఫారసులు చేసేవారి కోసం సెబీకి 2014 నుంచి రిసెర్చ్ ఎనలిస్టుల నిబంధనలు ఉన్నాయి, రిజిస్ట్రేషన్ ఉంది. చదువు చెబుతున్నామనేవారు గత మూడు నెలల ధరలు వాడుతూ షేరు పేరుతో భవిష్యత్తు ధర సూచించకూడదని 2025 జనవరిలో సర్క్యులర్ కూడా ఇచ్చింది. చివర్లో "ఇది సలహా కాదు" అని ఒక లైను పెట్టినంత మాత్రాన సిఫారసు సిఫారసు కాకుండా పోదు. పన్నుల మీద రాసేవారు కేటాయింపు అంకె చెప్పి అక్కడ ఆగిపోవడం మంచిది.

ఎంత జాగ్రత్తగా ఉన్నా తప్పు వచ్చిందనుకోండి, ఆ పోస్టును గుట్టుగా తీసేయడం వద్దు. మధ్య పోస్టు తీసేస్తే థ్రెడ్‌లో ఖాళీ కనబడుతుంది, అప్పటికే వెళ్లిపోయిన స్క్రీన్‌షాట్లు మాత్రం తిరుగుతూనే ఉంటాయి. ఎడిట్ సౌకర్యం డబ్బు కట్టిన ఖాతాలకే, అదీ కొద్దిసేపే. తప్పున్న పోస్టుకు కిందనే "సవరణ" అని మొదలుపెట్టి, తప్పు అంకె, సరైన అంకె రెండూ రాయండి. ఆ సవరణనే మొదటి పోస్టుకు కూడా జవాబుగా పెట్టండి, ఎందుకంటే ఎక్కువమంది చూసేది మొదటిదాన్నే.

మన తప్పు లేకుండానే పోస్టు తప్పయ్యే సందర్భం కూడా ఉంది. 2024 జూలై 23 బడ్జెట్‌లో భూమి, ఇల్లు అమ్మితే దీర్ఘకాలిక లాభంపై పన్ను ఇండెక్సేషన్‌తో 20 శాతం నుంచి ఇండెక్సేషన్ లేకుండా 12.5 శాతానికి మార్చారు, ఆ రోజు నుంచే అమలు. అప్పుడు సరిగ్గా రాసినవారి థ్రెడ్లు ఆగస్టులో పాతబడ్డాయి. బిల్లుకు సవరణ తెచ్చి, జూలై 23కు ముందు కొన్న స్థలాలు, ఇళ్ల విషయంలో దేశంలో నివసించే వ్యక్తులు, హిందూ అవిభక్త కుటుంబాలు రెండు లెక్కలూ వేసి ఏది తక్కువైతే అది కట్టవచ్చన్నారు. తిరుపతి చుట్టుపక్కల ఎప్పుడో కొన్న ప్లాట్లు అమ్ముకునే కుటుంబాలకు ఇది లక్షల్లో తేడా. అందుకే ఫిబ్రవరిలో వేసిన థ్రెడ్‌ను ఫైనాన్స్ బిల్లు పాసైన రోజు మళ్లీ తెరిచి, మారినది ఏదైనా ఉంటే తేదీతో సహా దాని కిందే కలపాలి. ఏమీ మారకపోతే "బిల్లు పాసైంది, ఈ థ్రెడ్‌లో అంకెలు మారలేదు" అన్న ఒక్క లైను చాలు. బిల్లు సాధారణంగా మార్చిలో పాసవుతుంది కాబట్టి ఆ పనికి ఫోన్లో రిమైండర్ ఇప్పుడే పెట్టుకోండి.