ఇంటి ఆటోమేషన్ పాఠాలు – 4: కరెంటు తిరిగి వచ్చినప్పుడు సంపు మోటారు ఏం చేయాలి?

మూడో పాఠంలో సంపు మోటారు స్టార్టరుకు టాస్మోటా అనే సాఫ్ట్‌వేర్ పెట్టిన ఒక వైఫై రిలే బోర్డును జోడించి, ఫోను నుంచి మోటారు వేయడం, ఆపడం నేర్చుకున్నాం. ఇంటి పరికరాలన్నిటినీ నడిపించే హోమ్ అసిస్టెంట్‌లో 25 నిమిషాల తరువాత మోటారును ఆపే ఆటోమేషన్ కూడా రాసుకున్నాం. వెయ్యి లీటర్ల ట్యాంకు దాదాపు 22 నిమిషాల్లో నిండుతుంది కనుక ఆ గడువు సరిపోతుందని లెక్క కట్టాం. కరెంటు పోనంత కాలం ఆ ఏర్పాటులో లోపమేమీ కనబడదు.

ఇప్పుడు ఒక ఉదయాన్ని ఊహించండి. 6:10కి మోటారు వేశారు, 6:18కి కరెంటు పోయింది. ఇంట్లో వాళ్లు పనులకు వెళ్లిపోయారు. 10:40కి కరెంటు వచ్చిన కొద్ది క్షణాలకే మోటారు తనంతట తాను మొదలైంది. టాస్మోటాలో ముందే ఉండే అమరిక ప్రకారం రిలే తన చివరి స్థితిని గుర్తుంచుకుని దాన్నే తిరిగి తెస్తుంది, ఇక్కడ ఆ చివరి స్థితి ‘ఆన్’. 25 నిమిషాల తరువాత ఆపవలసిన ఆటోమేషనో, మధ్యలో ఆగిపోయింది. హోమ్ అసిస్టెంట్ నడిచే చిన్న కంప్యూటరు కూడా కరెంటుతో పాటే ఆరిపోయింది, అది మళ్లీ లేచేసరికి సగంలో ఉన్న `delay` లెక్క దానికి గుర్తుండదు. అంటే మోటారును వేసే జ్ఞాపకం మిగిలింది, ఆపే జ్ఞాపకం పోయింది. ట్యాంకు పొంగిపొర్లడం ఇందులో చిన్న నష్టం. సంపులో నీళ్లు అయిపోయాక మోటారు పొడిగా తిరిగితే సీలు కాలిపోతుంది.

పాత స్టార్టరుతో ఈ చిక్కు ఎందుకు రాలేదో ఒకసారి చూడాలి. స్టార్టరు బాక్సులో ఆకుపచ్చ బటన్ నొక్కినప్పుడు కాయిల్‌కు కరెంటు అంది, మోటారుకు సరఫరా కలిపే కాంటాక్టరు అతుక్కుంటుంది, ఆ తరువాత తన సొంత కాంటాక్టు ద్వారానే కాయిల్ తనను తాను నిలబెట్టుకుంటుంది. కరెంటు పోతే కాయిల్ వదిలేస్తుంది, కరెంటు వచ్చినా మనిషి వచ్చి మళ్లీ బటన్ నొక్కితే తప్ప మోటారు కదలదు. దీన్నే నో-వోల్ట్ రక్షణ అంటారు. పొలాల్లో ఆటో స్టార్టర్లు చేసిన పని ఈ రక్షణను దాటవేయడమే. కరెంటు వచ్చిన మరుక్షణం ఒక ట్రాన్స్‌ఫార్మరు కింది మోటార్లన్నీ ఒక్కసారిగా లేచేవి, మొదలయ్యే క్షణంలో ఒక్కొక్కటీ మామూలుకు అయిదారు రెట్ల కరెంటు లాగేది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలుపెట్టినప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వం రైతులను కోరడానికి, అవసరం లేకపోయినా మోటార్లు నడిచి భూగర్భజలం తోడివేస్తాయన్న ఆందోళన ఒక ముఖ్య కారణం.

మూడో పాఠంలో మనం రిలేను కాయిల్‌కు నేరుగా కలిపి, రిలే మూసి ఉన్నంతసేపూ కాంటాక్టరు అతుక్కుని ఉండేలా చేశాం. వైరింగు తేలికైంది కానీ, మనకు తెలియకుండానే ఒక ఆటో స్టార్టరును తయారుచేశాం. రెండు రిలేల బోర్డు ఉన్నవారు ఒక రిలేను ఆకుపచ్చ బటన్‌కు సమాంతరంగా పెట్టి, అది ఒక్క సెకను మాత్రమే మూసుకునేలా అమర్చి, రెండోదాన్ని ఎర్ర బటన్‌తో వరుసలో కలిపితే పాత రక్షణ చెక్కుచెదరదు. నా మొదటి ఓటు దానికే, కానీ ఆ పని చేతి పట్టు ఉన్న ఎలక్ట్రీషియన్ చేయాలి. ఒక్క రిలే ఉన్నవారు పోగొట్టుకున్న రక్షణను సాఫ్ట్‌వేర్‌లో తిరిగి నిర్మించుకోవాలి. ఈ పాఠం వారికోసం.

నిర్ణయం ఎక్కడ జరగాలన్నది మొదట తేల్చుకోవలసిన విషయం. కరెంటు వచ్చిన తరువాత రిలే బోర్డు కొన్ని సెకన్లలోనే లేస్తుంది, రౌటరుకు ఒకటి రెండు నిమిషాలు పడుతుంది, హోమ్ అసిస్టెంట్‌కు ఇంకా ఎక్కువే. ఆ మధ్య కాలంలో రిలేకు ఏమీ చెప్పగలిగేవారు ఎవరూ ఉండరు. అందుకే ‘ఆగి ఉండు’ అన్న మాట రిలేలోనే రాసి ఉండాలి. హోమ్ అసిస్టెంట్ చేత ‘లేవగానే మోటారు ఆపు’ అనిపించడం ఆలస్యపు కాపలా, దాన్ని నమ్ముకోవద్దు. టాస్మోటా కన్సోల్ తెరిచి ఈ ఒక్క వరుస ఇవ్వండి:

```
Backlog PowerOnState 0; PulseTime 1600; SetOption65 1
```

`PowerOnState 0` అంటే కరెంటు వచ్చినప్పుడు, చివరి స్థితి ఏదైనా సరే, రిలే తెరిచే, అంటే ‘ఆఫ్’లోనే ఉంటుంది. ముందే ఉండే విలువ 3, అదే చివరి స్థితిని తిరిగి తెస్తుంది. దీపాలకు 3 ఫరవాలేదు గాని, తిరిగేవాటికీ కాల్చేవాటికీ అది తగదు.

`PulseTime 1600` మోటారు గడువును హోమ్ అసిస్టెంట్ చేతిలోంచి తీసి రిలేకే అప్పగిస్తుంది. దీని లెక్క కాస్త వింతగా ఉంటుంది: 112, ఆపై విలువలలోంచి వంద తీసేస్తే మిగిలేవి సెకన్లు. 1600లో వంద పోతే 1500 సెకన్లు, అంటే 25 నిమిషాలు. ఇకపై మోటారును ఎవరు వేసినా, మధ్యలో వైఫై పోయినా, 25 నిమిషాలకు రిలే తానే తెరుచుకుంటుంది. కొందరు 25 నిమిషాలు కదా అని 1500 రాసి, గడువు తీరకముందే మోటారు ఆగిపోతోందేమని వెతుకుతారు. వారికి దక్కేది 1400 సెకన్లే, అంటే 23 నిమిషాల 20 సెకన్లు.

మూడోదైన `SetOption65 1` గురించి మన ఊళ్లవారికి ప్రత్యేకంగా చెప్పాలి. టాస్మోటాకు ఒక అత్యవసర ద్వారం ఉంది: పది సెకన్లు తిరగకముందే కరెంటు తీసి పెట్టడం వరుసగా జరిగి, ఏడోసారి వెలిగినప్పుడు అది తన అమరికలన్నీ చెరిపేసుకుని కొత్తదానిలా లేస్తుంది. చిక్కుకుపోయిన పరికరాన్ని బయటపడేయడానికి పెట్టిన ఏర్పాటు ఇది. గాలివాన సాయంత్రాలలో లైను వచ్చి, పోయి, మళ్లీ వచ్చి పోతూ ఉంటే మన చెయ్యి తగలకుండానే ఆ లెక్క పూర్తి కావచ్చు. అప్పుడు వైఫై వివరాలతో పాటు `PowerOnState 0` కూడా చెరిగిపోయి, పాత 3 తిరిగి వస్తుంది. రిలే ఫోనుకు కనబడకుండా పోయి, వైఫై జాబితాలో `tasmota` అని మొదలయ్యే కొత్త పేరు కనబడితే జరిగింది ఇదేనని గుర్తించండి. విలువ 1 ఇస్తే ఆ ద్వారం మూతపడుతుంది.

ఇంతటితో రిలే తనంతట తాను లేవదు. కానీ దాన్ని లేపగలిగినవి ఇంకా రెండున్నాయి.

మొదటిది, హోమ్ అసిస్టెంట్‌కూ రిలేకూ మధ్య సందేశాలు చేరవేసే ఎంక్యూటీటీ బ్రోకరులో మిగిలిపోయిన పాత ఆజ్ఞ. ఒక ఆజ్ఞను ‘నిలిపి ఉంచు’ గుర్తుతో పంపితే బ్రోకరు దాన్ని దాచిపెట్టి, రిలే తిరిగి అనుసంధానమైన ప్రతిసారీ కొత్తగా వచ్చినట్టే అందిస్తుంది. మూడు వారాల కిందట పరీక్ష కోసం పంపిన ‘ఆన్’ ఇవాళ మోటారును లేపవచ్చు. స్విచ్ అమరికలో ఎవరో `retain: true` అని రాసి ఉంటే అదే దీనికి మూలం, ముందు ఆ వరుస తీసేయండి. బ్రోకరు నడిచే కంప్యూటరులో, మీ రిలే టాపిక్ పేరు `motor` అనుకుంటే, ఇలా చూడవచ్చు:

```
mosquitto_sub -v -t "cmnd/motor/#"
```

మీరు ఏమీ నొక్కకుండానే వెంటనే `cmnd/motor/POWER ON` అని పడితే అది దాచిన ఆజ్ఞే. ఖాళీ సందేశం పంపి దాన్ని చెరిపేయాలి:

```
mosquitto_pub -r -n -t "cmnd/motor/POWER"
```

రెండోది హోమ్ అసిస్టెంట్‌లోని ఆటోమేషన్. ‘ట్యాంకు అడుగంటితే మోటారు వేయి’ అని చాలామంది `to: "on"` ఒక్కటే రాసి వదిలేస్తారు. కరెంటు వచ్చాక సెన్సరు స్థితి `unavailable` నుంచి `on`కి మారుతుంది, ఆటోమేషన్ దృష్టిలో అది కూడా మార్పే కనుక మోటారుకు ఆజ్ఞ వెళ్తుంది. ఎక్కడి నుంచి మారిందో కూడా చెప్పండి:

```yaml
triggers:
  - trigger: state
    entity_id: binary_sensor.tank_low
    from: "off"
    to: "on"
```

ఇప్పుడు నిజంగానే నీళ్లు దిగినప్పుడు మాత్రమే ఇది స్పందిస్తుంది. కరెంటు వచ్చేసరికే ట్యాంకు ఖాళీగా ఉంటే మోటారు మొదలు కాదని మీరు అడగవచ్చు. మొదలు కాకూడదనే నా అభిప్రాయం. సంపులో నీళ్లున్నాయో లేవో, వచ్చిన కరెంటు నిలకడగా ఉందో లేదో తెలియని ఆ క్షణంలో యంత్రం తొందరపడకుండా, హోమ్ అసిస్టెంట్ లేచిన అయిదు నిమిషాలకు ‘ట్యాంకు ఖాళీగా ఉంది, మోటారు ఆగి ఉంది’ అని ఫోనుకు ఒక సందేశం పంపిస్తే చాలు. మోటారు వేయడం మనిషి చేతి పనిగానే ఉండనివ్వండి. ఆ సందేశం రాసే తీరు రెండో పాఠంలో ఉంది.

ఇక పరీక్ష. మోటారు ఎంసీబీ దించి, కాంటాక్టరు నుంచి మోటారుకు వెళ్లే తీగలను ఎలక్ట్రీషియన్ చేత విప్పించి, కొసలకు టేపు చుట్టించండి. అప్పుడు కాంటాక్టరు ‘టక్’మని అతుక్కున్నా మోటారు తిరగదు. ఎంసీబీ ఎత్తి, ఫోను నుంచి మోటారు వేసి, ‘టక్’ వినబడ్డాక ఎంసీబీ దించండి. పదిహేను సెకన్లు ఆగి మళ్లీ ఎత్తి, గడియారం చూస్తూ చెవి ఒగ్గండి. ఎత్తిన రెండు మూడు సెకన్లలోనే చప్పుడు వస్తే `PowerOnState` పడలేదని అర్థం. రిలే వైఫై అందుకున్నాక, పది పదిహేను సెకన్ల ప్రాంతంలో వస్తే అది బ్రోకరు దాచిన ఆజ్ఞ. ఆ రెండూ కాక, ఇల్లంతా మెయిన్ ఆపి వేసినప్పుడు మాత్రమే, కొన్ని నిమిషాల తరువాత వస్తే తప్పు హోమ్ అసిస్టెంట్ ఆటోమేషన్‌దే. ఇన్వర్టరు ఉన్న ఇళ్లలో రౌటరు, కంప్యూటరు ఆరవు కనుక ఈ మూడో లోపం చాలాకాలం బయటపడదు. ఇన్వర్టరు కూడా ఆపి ఒకసారి చూడాలి.

మోటారుకు చెప్పినది గీజరుకూ అలాగే వర్తిస్తుంది, గడువు ఒక్కటే మారుతుంది: ఇరవై నిమిషాలకు `PulseTime 1300`. ఫ్రిజ్ సంగతి దీనికి పూర్తిగా వ్యతిరేకం, అది ఆగిపోతేనే నష్టం. దాన్ని రిలే మీద పెట్టకుండా, కరెంటు వచ్చిన మూడు నిమిషాలకు సరఫరా వదిలే స్టెబిలైజరుకే అప్పగించండి. ఏసీ రిమోట్‌కు ఆన్, ఆఫ్ రెండింటికీ ఒకటే బటన్ ఉంటే వచ్చే ఇబ్బంది వేరు, అది అయిదో పాఠంలో చూద్దాం. అప్పటికి మీ ఇంట్లో మూడు పరీక్షలూ చేసి, ఏ చప్పుడు ఎన్నో సెకనులో వినబడిందో కాగితం మీద రాసి ఉంచుకోండి.