పాల లెక్క విడత విడతకూ ఎగిరిపడుతుంటే: రొటేషన్ ప్యానెల్ సర్వేలో సమస్యలు, పరిష్కారాలు

అనంతపురం జిల్లాలో పాడి ఉన్న 400 ఇళ్లను మూడు నెలలకోసారి సర్వే చేస్తున్నారనుకుందాం. అడిగే ముఖ్యమైన ప్రశ్న ఒక్కటే: ఇల్లు రోజుకు సగటున ఎన్ని లీటర్ల పాలు కేంద్రానికి పోస్తోంది? ఇళ్ల మధ్య తేడాను చూపే స్టాండర్డ్ డీవియేషన్ 5 లీటర్లు. ఒకే ఇల్లు వరుసగా రెండు విడతల్లో చెప్పిన లెక్కల మధ్య సహసంబంధం (దీన్ని r అందాం) 0.8. ఈ అంకెలు ఉదాహరణ కోసం తీసుకున్నవి. మీ డేటాలో ఏవి వస్తే అవి వేసుకోండి.

సమస్య: ఊళ్లో ఏ మార్పూ లేదు, రిపోర్టులో మాత్రం పెద్ద మార్పు

ఒక విడతలో సగటు అర లీటరు పెరుగుతుంది, తర్వాతి విడతలో ముప్పావు లీటరు పడిపోతుంది. కళ్యాణదుర్గం వైపు పాలకేంద్రం నడిపేవాళ్లను అడిగితే, పోసేవాళ్లూ మారలేదు, పాలూ మారలేదంటారు. ఇలా జరిగినప్పుడు ముందు చూడాల్సింది ప్రతి విడతకూ 400 ఇళ్లనూ కొత్తగా ఎంచుకుంటున్నారా అన్నది.

అలా ఎంచుకుంటే ప్రతి విడత సగటుకూ తన వంతు శాంపిలింగ్ దోషం ఉంటుంది. ఒకదాన్నుంచి ఒకటి తీసేసినప్పుడు ఆ దోషాలు రద్దు కావు, వాటి వేరియన్సులు కలిసిపోతాయి. మన ఉదాహరణలో తేడాకు వేరియన్స్ 2×25/400, అంటే 0.125. స్టాండర్డ్ ఎర్రర్ సుమారు 0.35 లీటర్లు, 95 శాతం హద్దులు ±0.69. మేత తగ్గి పాలు నిజంగా 0.4 లీటర్లు పడిపోయినా ఈ సర్వే దాన్ని పట్టుకోలేదు. పడిపోకపోయినా పడిపోయినట్టు చూపించగలదు.

అవే ఇళ్లకు మళ్లీ వెళ్తే సంగతి వేరు. నాలుగు ఆవులున్న ఇల్లు రెండు విడతల్లోనూ ఎక్కువే పోస్తుంది, ఒక్క గేదె ఉన్న ఇల్లు రెండుసార్లూ తక్కువే పోస్తుంది. ఇంటికీ ఇంటికీ ఉన్న ఈ స్థిరమైన తేడా తీసివేతలో పోతుంది. 400 ఇళ్లూ అవే అయితే వేరియన్స్ 0.125×(1−0.8), అంటే 0.025. హద్దులు ±0.31కి వచ్చేస్తాయి.

అలాగని 400 ఇళ్లనూ శాశ్వతంగా పట్టుకుని ఉండలేం. ప్రతి మూడు నెలలకూ అదే ప్రశ్న అడిగితే ఇంటివాళ్లు విసుగుపడతారు. బెంగళూరుకు వలస పోయిన ఇళ్లు జారిపోతాయి. కొత్తగా ఆవులు కొన్నవాళ్లు శాంపిల్లోకి రానే రారు. పైగా ఈ విడతలో సగటు ఎంత అన్న ప్రశ్నకు కొంత కొత్త శాంపిల్ ఉండడమే మేలు. పాత విడత సమాచారాన్ని రిగ్రెషన్ ద్వారా సరిగ్గా వాడుకుంటే, r 0.8 ఉన్నప్పుడు ఆ ప్రశ్నకు అనువైన ఓవర్‌ల్యాప్, అంటే రెండు విడతల్లోనూ ఉండే ఇళ్ల వాటా, 37.5 శాతమే. మార్పును కొలవడానికి మాత్రం ఓవర్‌ల్యాప్ ఎంత ఎక్కువ ఉంటే అంత మంచిది. ఈ రెండు అవసరాలూ చెరోవైపు లాగుతాయి కాబట్టే రొటేషన్ పెట్టుకుంటాం: 400 ఇళ్లను 100 చొప్పున నాలుగు గ్రూపులు చేసి, ప్రతి విడతా ఒక గ్రూపును వదిలి కొత్త గ్రూపును చేర్చుకుంటాం. ఒక ఇల్లు నాలుగు విడతలు ఉంటుంది, వరుస విడతల మధ్య ఓవర్‌ల్యాప్ 75 శాతం. కేంద్ర ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన పీరియాడిక్ లేబర్ ఫోర్స్ సర్వేలో పట్టణ ప్రాంతాలకు పెట్టిన పద్ధతి ఇదే. 2025 జనవరి నుంచి అందులో ఒక ఇంటికి వరుసగా నాలుగు నెలలు వెళ్తున్నారు.

సమస్య: రొటేషన్ పెట్టాం, అయినా లెక్క ఎగురుతూనే ఉంది

ఎక్కువ మంది దగ్గర కనిపించేది ఈ సమస్యే. డిజైన్ బాగానే ఉంటుంది, లెక్కకట్టే పద్ధతి దాన్ని పాడుచేస్తుంది. రెండు విడతల పూర్తి సగటులు తీసుకుని మామూలుగా తీసివేస్తే, కొనసాగిన ఇళ్లకు 75 శాతం బరువు, వెళ్లిన గ్రూపుకూ వచ్చిన గ్రూపుకూ మధ్య తేడాకు 25 శాతం బరువు పడతాయి. ఆ రెండో తేడా వేర్వేరు ఇళ్ల మధ్యది, పైగా 100 ఇళ్లదే. దాని వేరియన్స్ 0.5. కొనసాగిన 300 ఇళ్ల తేడాకు వేరియన్స్ 0.033 మాత్రమే. పదిహేను రెట్లు వణికే అంకెకు పావు వంతు మాట ఇస్తున్నామన్నమాట.

బరువు ఇళ్ల సంఖ్యను బట్టి కాకుండా వేరియన్స్‌కు విలోమంగా ఇవ్వాలి. ఓవర్‌ల్యాప్ p అయితే, కొనసాగిన ఇళ్ల తేడాకు ఇవ్వాల్సిన బరువు ఇది:

```
w = p / (1 - (1 - p) * r)
change = w * d_matched + (1 - w) * d_fresh
```

ఇందులో d_matched కొనసాగిన ఇళ్ల తేడా, d_fresh వెళ్లిన గ్రూపుకూ వచ్చిన గ్రూపుకూ మధ్య తేడా. p = 0.75, r = 0.8 వేస్తే w = 0.94. కొత్త, పాత గ్రూపుల తేడాకు మిగిలేది 0.06.

ఒక విడత లెక్క చూద్దాం. కొనసాగిన 300 ఇళ్ల సగటు 6.2 నుంచి 5.9కి తగ్గింది, మార్పు −0.3. వెళ్లిపోయిన గ్రూపు సగటు 5.6, కొత్తగా వచ్చిన గ్రూపుది 6.6, తేడా +1.0. మామూలు తీసివేతలో 0.75×(−0.3) + 0.25×1.0, అంటే +0.025 వస్తుంది. పాలు ఏమీ తగ్గలేదని రిపోర్టు రాస్తాం. సరైన బరువుతో 0.94×(−0.3) + 0.06×1.0, అంటే దాదాపు −0.22. గుర్తే మారిపోయింది. అయితే దీని హద్దులు ±0.35 కాబట్టి తగ్గాయని గట్టిగా చెప్పే స్థితి ఇంకా రాలేదు. రిపోర్టులో ఆ హద్దులు కూడా రాయాలి.

ఇక్కడ నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచే పోలిక ఒకటుంది. 75 శాతం ఓవర్‌ల్యాప్ ఉంచుకుని మామూలుగా తీసివేస్తే హద్దులు ±0.44. సగం ఇళ్లనే కొనసాగించి బరువులు సరిగ్గా వేస్తే ±0.40. తక్కువ ఓవర్‌ల్యాప్‌తో మెరుగైన ఫలితం వస్తోంది. 75 శాతంతోనూ బరువులు సరిచేస్తే ±0.35, మొత్తం 400 ఇళ్లనూ కొనసాగించినా ±0.31. చివరి పాతిక శాతం ఇళ్లను ఎలాగైనా నిలబెట్టుకోవాలని పడే శ్రమకు దక్కేది అంత కొంచెమే. ఓవర్‌ల్యాప్ పెంచమని ఎవరైనా అడిగితే, ముందు లెక్కకట్టే పద్ధతి చూపించమనండి.

ఒక జాగ్రత్త. పై సూత్రాలు ఇళ్లను నేరుగా, యాదృచ్ఛికంగా ఎంచుకున్నప్పటివి. ఊళ్లను ఎంచుకుని, ఊరికి పది ఇళ్ల చొప్పున తీసుకుంటే నిజమైన హద్దులు ఇంకా వెడల్పుగా ఉంటాయి. అప్పుడు రెండు తేడాల వేరియన్సులనూ ఊరిని యూనిట్‌గా పెట్టి, ఒక్కో ఊరిని వదిలేస్తూ మళ్లీ మళ్లీ లెక్కకట్టే జాక్‌నైఫ్ పద్ధతితో కట్టి, బరువులు వాటినుంచి తీసుకోవాలి.

సమస్య: r నమ్మలేనంత ఎక్కువగా, లేదా మరీ తక్కువగా ఉంది

పై లెక్కంతా r మీద ఆధారపడి ఉంది కాబట్టి దాన్ని ప్రతి విడతా విడిగా చూడాలి. r 0.97 వచ్చిందంటే సంతోషపడే ముందు, రెండు విడతల్లో అచ్చంగా ఒకే అంకె ఉన్న ఇళ్లు ఎన్నో లెక్కపెట్టండి. సగం ఇళ్లలో 6 ఉన్నచోట మళ్లీ 6 ఉంటే అది పాల స్థిరత్వం కాదు. ఇంటివాళ్లు "పోయినసారి చెప్పిందే రాసుకో సామీ" అనుంటారు, లేదా ఎన్యూమరేటర్ ట్యాబ్‌లో కనిపిస్తున్న పాత అంకెనే దించేసి ఉంటారు. ఇలాంటి డేటాలో నిజమైన మార్పు కూడా కనబడదు, హద్దులేమో ఇరుకుగా ఉండి ధైర్యం చెబుతాయి. పాత అంకెను ట్యాబ్‌లో ముందే చూపించకండి. జవాబు నమోదయ్యాక, తేడా మరీ ఎక్కువుంటేనే పాత అంకె చూపించి మళ్లీ అడిగేలా పెట్టండి. నెలంతటి లెక్క కాకుండా నిన్న ఉదయం, సాయంత్రం పోసిన పాలు అడిగితే అంకె తాజాగా వస్తుంది, కాకపోతే రోజువారీ ఊగిసలాట వల్ల r కొంచెం తగ్గుతుంది.

r 0.4కు పడిపోతే ఇళ్ల నంబర్లను అనుమానించండి. తాళం వేసిన ఇంటి బదులు పక్కింటికి వెళ్లి, పాత నంబరు మీదే రాసేయడం ఫీల్డులో జరిగేదే. ఇంటి యజమాని వయసు, కుటుంబ సభ్యుల సంఖ్య రెండు విడతల్లో పోల్చితే ఇది బయటపడుతుంది. అలాంటి ఇళ్లను కొనసాగిన జాబితాలోంచి తీసి, జవాబు రానివిగా గుర్తించి, మిగిలిన వాటి వెయిట్లు సవరించాలి.

సమస్య: కొత్త గ్రూపు సగటు ప్రతిసారీ ఎక్కువే

పై ఉదాహరణలో కొత్త గ్రూపు వైపు తేడా +1.0, కొనసాగిన ఇళ్లది −0.3. ఈ రెండింటికీ మధ్య 1.3 లీటర్ల ఎడం ఉంది, దాని స్టాండర్డ్ ఎర్రర్ 0.73. ఒక్క విడతలో ఇది యాదృచ్ఛికంగా వచ్చి ఉండొచ్చు. వరుసగా నాలుగైదు విడతల్లో అదే దిక్కుకు వస్తుంటే మాత్రం కాదు. మొదటిసారి అడిగినప్పుడు, తర్వాత అడిగినప్పుడు జవాబులు వేరుగా ఉంటున్నాయన్నమాట. అమెరికా ప్రభుత్వ నెలవారీ ఉపాధి సర్వేలోనూ మొదటి నెల గ్రూపులో నిరుద్యోగం ఎక్కువగా నమోదవడం చాలాకాలం కిందటే గమనించారు.

ప్రతి విడతలోనూ ఒకటో సందర్శన నుంచి నాలుగో సందర్శన దాకా ఒక్కో గ్రూపు సమంగా ఉంటే, మామూలు తీసివేతలో ఈ పక్షపాతం చాలావరకు రద్దవుతుంది. మన బరువుల పద్ధతిలో అలా పూర్తిగా రద్దు కాదు, ఎందుకంటే కొనసాగిన ఇళ్లు అన్నీ ఒక సందర్శన ముందుకు జరుగుతాయి. అందుకే రెండు పద్ధతుల్లో వచ్చిన అంకెలనూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. ఎప్పుడూ ఒకే వైపు దూరమవుతుంటే సందర్శన నంబరు వారీగా సగటులు తీసి, ఆ తేడాను సవరించాకే బరువులు వేయాలి. సర్వే మొదలైన తొలి మూడు విడతల్లో ఈ సమతూకమే ఉండదు, నాలుగో విడత నుంచే వస్తుంది. తొలి ఏడాది మార్పులను ప్రచురించకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

సమస్య: పోయిన ఎండాకాలంతో పోల్చితే ఏమీ తేలడం లేదు

మన జిల్లాలో అడిగేది తరచుగా ఇదే, ఎందుకంటే మేత, నీళ్లు కాలంతో మారుతాయి. కానీ వరుసగా నాలుగు విడతలు ఉండి వెళ్లిపోయే ఇల్లు ఏడాది తర్వాతి విడతకు ఉండదు. ఏడాది దూరంలో ఓవర్‌ల్యాప్ సున్నా, హద్దులు మళ్లీ ±0.69.

రెండు విడతలు లోపల, రెండు బయట, మళ్లీ రెండు లోపల ఉండేలా తిప్పితే వరుస విడతల మధ్య 50 శాతం, ఏడాది దూరంలోనూ 50 శాతం ఓవర్‌ల్యాప్ దొరుకుతుంది. ఇటలీ కార్మిక సర్వేలో ఈ అమరికే వాడతారు. అమెరికా నెలవారీ సర్వేలో నాలుగు నెలలు లోపల, ఎనిమిది బయట, నాలుగు లోపల. దానివల్ల నెలకు 75 శాతం, ఏడాదికి 50 శాతం వస్తుంది. మన పాల సర్వేలో ఏడాది దూరపు r 0.6 అనుకుంటే, సరైన బరువులతో ఎండాకాలం పోలికకు హద్దులు ±0.69 నుంచి ±0.52కి తగ్గుతాయి. బదులుగా వరుస విడతల హద్దులు ±0.35 నుంచి ±0.40కి పెరుగుతాయి. బయట ఉన్న ఆ రెండు విడతల్లో వలస పోయే ఇళ్లను మళ్లీ పట్టుకోవడానికి ఫోన్ నంబర్‌తోపాటు ఊళ్లో ఉండే ఒక బంధువు నంబర్ కూడా మొదటి సందర్శనలోనే అడిగి తీసుకోవాలి.