వ్యయ గణితం – 4వ పాఠం: ఇంకొక్కటి చేస్తే ఎంత?

పోయిన పాఠంలో అవధి అంటే ఏమిటో చూశాం. ఈసారి దాన్ని ఖర్చు లెక్కలో పెట్టి ఉపాంత వ్యయం, అంటే ఉత్పత్తి ఇంకాస్త పెంచితే ఖర్చు ఏ రేటున పెరుగుతుందో, కనుక్కుందాం. పక్కన కాగితం, పెన్ను పెట్టుకోండి. చదివి వదిలేస్తే ఈ పాఠం చేతికి రాదు.

ఒక వస్తువును x యూనిట్లు తయారుచేయడానికి అయ్యే మొత్తం ఖర్చు ఇదనుకుందాం:

```
C(x) = 0.01x³ − 0.6x² + 15x + 200
```

30 యూనిట్లకు 270 − 540 + 450 + 200, అంటే 380 అవుతుంది. 31 యూనిట్లకు 386.31. కాబట్టి 31వ యూనిట్ మీద పడిన అదనపు ఖర్చు 6.31. చాలామంది ఉపాంత వ్యయం ఇదేనని ఇక్కడే ఆగిపోతారు. నేను చదువుకునే రోజుల్లో చేసిందీ అదే. కానీ ఒక్క మెట్టు వెనక్కి వెళ్లి చూడండి. 29 యూనిట్లకు ఖర్చు 374.29. అంటే 30వ యూనిట్ మీద పడింది 5.71. మరి 30 దగ్గర ఉపాంత వ్యయం ఏది? 6.31 ఆ, 5.71 ఆ?

రెండూ కాదు. ఆ రెండింటి మధ్య ఎక్కడో ఉంది. అదెక్కడో తేల్చడానికి పెంపును ఒక యూనిట్ దగ్గరే ఆపకుండా h అనుకుందాం. (30 + h) ను ప్రమేయంలో పెట్టి విస్తరించండి. మొదటి పదం 270 + 27h + 0.9h² + 0.01h³ అవుతుంది. రెండోది −540 − 36h − 0.6h². మూడోది 450 + 15h. చివరి 200 అలాగే ఉంటుంది. అన్నీ కలిపి, అందులోంచి C(30) = 380 తీసేస్తే మిగిలేది ఇది:

```
C(30+h) − C(30) = 6h + 0.3h² + 0.01h³
```

200 ఎటు పోయిందో గమనించారా? తీసివేతలో కొట్టుకుపోయింది. దాని బదులు 2000 ఉన్నా ఇదే జరిగేది. అందుకే స్థిర వ్యయం ఎంతున్నా ఉపాంత వ్యయం మారదు.

ఇప్పుడు h తో భాగిస్తే 6 + 0.3h + 0.01h² వస్తుంది. భాగించకముందే h = 0 పెట్టకండి, 0/0 వచ్చి లెక్క అక్కడే ఆగిపోతుంది. ఇక h విలువలు మార్చి చూడండి. h = 10 అయితే 10. h = 1 అయితే 6.31, మనకు ముందు వచ్చిందే. h = −1 అయితే 5.71, అదీ వచ్చిందే. h = 0.1 అయితే 6.0301. h సున్నాకు దగ్గరవుతున్నకొద్దీ, ఏ వైపు నుంచి వచ్చినా, విలువ 6 కే చేరుతుంది. ఆ అవధే 30 దగ్గర ఉపాంత వ్యయం. ఇలాంటి అవధిని ఏ x దగ్గరైనా ఇచ్చే సూత్రమే అవకలజం. ఇక్కడ అది 0.03x² − 1.2x + 15, అందులో 30 పెట్టినా 6 వస్తుంది.

మరి 6.31 తప్పా? తప్పు కాదు. అది ఒక యూనిట్ మేర తీసిన సగటు పెరుగుదల. 6 అనేది ఆ బిందువు దగ్గర ఖర్చు పెరిగే రేటు. రెండింటి మధ్య తేడా 0.3h + 0.01h², అంటే h = 1 దగ్గర 0.31. ఉత్పత్తి వేలల్లో ఉంటే x ను వేలల్లో కొలుస్తాం. అప్పుడు ఒక్క వస్తువు అంటే h = 0.001, తేడా దాదాపు 0.0003. అలాంటిచోట అవకలజాన్నే నిశ్చింతగా వాడుకోవచ్చు. కానీ ఒక జాగ్రత్త: x వేలల్లో ఉంటే ఆ 6 కూడా వెయ్యికి 6 అనే అర్థం, ఒక్కదానికి కాదు. ఈ పొరపాటు పరీక్షల్లోనే కాదు, ఆఫీసు లెక్కల్లోనూ జరుగుతుంది.

అసలు అవధే లేని చోటు కూడా ఉంటుంది. 30 దాటగానే ఇంకో యంత్రం అద్దెకు తీసుకోవాలి, దానికి 50 అనుకోండి. ఇప్పుడు 30 కి కుడివైపున భాగఫలం 50/h + 6 + 0.3h + 0.01h². h = 1 అయితే 56.31. h = 0.1 అయితే 506.03. h = 0.01 అయితే 5006 పైచిలుకు. h పదో వంతుకు తగ్గినప్పుడల్లా భాగఫలం దాదాపు పది రెట్లు అవుతోంది, ఎక్కడా నిలవడం లేదు. లెక్కలో మీకు ఇది కనిపిస్తే ఖర్చు అక్కడ ఒక్కసారిగా ఎగిరిందన్నమాట. అవకలజం సూత్రం అక్కడ పనికిరాదు. 31వ యూనిట్‌కు 56.31 అని నేరుగా తీసివేతతోనే చెప్పాలి.

అభ్యాసం: యంత్రం సంగతి పక్కనపెట్టి, మొదటి ప్రమేయంతోనే 20 దగ్గర ఇదంతా చేయండి. 20వ యూనిట్ ఖర్చు, 21వ యూనిట్ ఖర్చు రెండూ సరిగ్గా 3.01 వస్తాయి. 30 దగ్గర వేర్వేరుగా వచ్చినవి ఇక్కడ ఎందుకు ఒకటయ్యాయో విస్తరణలో h² పదం చూసి రాసి ఉంచుకోండి. 5వ పాఠం అక్కడినుంచే మొదలవుతుంది.