రిటైరయ్యే టీచర్లకు: తల్లిదండ్రులకు రాసే చివరి ఉత్తరం

ఆఖరి క్లాసు పిల్లల తల్లిదండ్రులకు ఉత్తరం రాయాలనుకునే టీచరమ్మలకు ఒక మాట. అందరికీ ఒకటే ఉత్తరం జిరాక్స్ తీయించండి, కానీ మధ్యలో మూడు వరుసలు ఖాళీ వదలండి. అక్కడ ఆ బిడ్డ గురించి మీరు కళ్లారా చూసినది చేత్తో రాయండి. నేను మూడో తరగతి వాళ్లకు అలాగే రాశాను: "ఏడుస్తున్న ఒకటో తరగతి పాపకు మీ బాబు తన గుడ్డు సగం తుంచి పెట్టాడమ్మా." మార్కుల ఊసు వద్దు. చాలా ఇళ్లలో ఉత్తరం చదివి వినిపించేది ఆ పిల్లలే కాబట్టి వాళ్లకు నోరు తిరిగే చిన్న మాటలే వాడండి. రోజుకు ఐదు చొప్పున ముందే మొదలుపెట్టండి, ఆఖరి రోజు సన్మానాల హడావుడిలో కుదరదు. తొందరపడితే అన్నీ ఒకేలా వస్తాయి. నాకు నలుగురివి అలాగే వస్తే చింపేసి మళ్లీ రాశాను.