గోతిక్ నవల చదవడం నేర్చుకుందాం, 3వ భాగం: పై అంతస్తు, తాళంచెవి, కట్నం డబ్బు

మొదటి భాగంలో 1764లో వచ్చిన ఒట్రాంటో కోట కథ చూశాం, అక్కడ భయం కోట యజమానిది, అక్రమంగా వచ్చిన ఆస్తి ఎక్కడ చేజారిపోతుందో అని. రెండో భాగంలో 1794 నాటి యుడాల్ఫో, అక్కడ భయం ఒక అమ్మాయిది, ఆస్తి రాసివ్వమని కోటలో పెట్టి ఒత్తిడి చేస్తుంటే. ఈ భాగంలో మీరు నేర్చుకోబోయేది ఒకటే పని: నవలలో కనిపించే పాత ఇల్లు, అందులో దాచిన రహస్యం, ఎప్పుడూ దిగులుగా ఉండే హీరో, ఈ మూడింటి వెనకాల అసలు భయం ఏంటో, అది ఎవరిదో పట్టుకోవడం. దానికి షార్లెట్ బ్రాంటే 1847లో కరర్ బెల్ అనే మారుపేరుతో వేసిన 'జేన్ ఐర్' తీసుకుందాం. కథ మొత్తం చెప్పేస్తాను, ఎందుకంటే ఈ నవల రెండోసారి చదివేటప్పుడే ఎక్కువ దొరుకుతుంది.

ముందు ఇంటితో మొదలుపెట్టండి. ఒక కాగితం తీసుకుని థార్న్‌ఫీల్డ్ హాల్ ప్లాన్ గీయండి, బొమ్మ బాగా రానక్కర్లేదు, మూడు అడ్డగీతలు చాలు. పదకొండో అధ్యాయంలో హౌస్‌కీపర్ మిసెస్ ఫెయిర్‌ఫాక్స్, కొత్తగా వచ్చిన టీచర్ జేన్‌కి ఇల్లంతా తిప్పి చూపిస్తుంది, అదే మనకి ప్లాన్. ఒకటి గమనించండి, గోతిక్ అనగానే బూజు పట్టిన కూలిపోయే బంగ్లా అనుకుంటాం కానీ ఈ ఇల్లు అలా లేదు. కింద గదులు తుడిచి మెరిపించి ఉంటాయి, ఓనర్ ఎప్పుడొచ్చినా రెడీగా ఉండాలని. పాతదనం అంతా మూడో అంతస్తులో ఉంది. కింద ఫ్యాషన్ మారినప్పుడల్లా అక్కడి మంచాలు, కుర్చీలు, పెట్టెలు పైకి చేర్చారు, గదులు చీకటి, కప్పు కిందికి ఉంటుంది. అంటే ఈ కుటుంబానికి పనికిరానిది, కానీ పారేయలేనిది, పైకి వెళ్తుంది. ఈ ఒక్క వాక్యం మీ ప్లాన్ పక్కన రాసుకోండి, మనిషిని కూడా అలాగే పైకి పంపారని తర్వాత తెలుస్తుంది కాబట్టి.

అక్కడే ఆ సన్నటి నడవా ఉంది, రెండు వైపులా మూసేసిన చిన్న నల్ల తలుపులు, అక్కడే జేన్‌కి మొదటిసారి ఆ నవ్వు వినిపిస్తుంది, సంతోషం ఏ కోశానా లేని నవ్వు. హౌస్‌కీపర్ వెంటనే "గ్రేస్!" అని కేక వేస్తుంది, ఒక పనిమనిషి బయటికి వస్తుంది, ఎర్రజుట్టు, మొరటు మొహం, చాలా మామూలు మనిషి. చాలామంది ఇక్కడ "అబ్బ, సస్పెన్స్" అనుకుని ముందుకి వెళ్ళిపోతారు. మీరు ఆగి అడగాల్సింది వేరే: ఆ తలుపుల తాళంచెవి ఎవరి దగ్గర ఉంది? ఆ పనిమనిషికి జీతం ఎంత?

జీతం ఏంటి మధ్యలో అనిపించొచ్చు, కానీ ఈ నవలలో రహస్యం బయటపడటానికి మొదటి నిజమైన క్లూ అదే. పదిహేడో అధ్యాయంలో లియా అనే పనమ్మాయి, కూలికి వచ్చిన ఇంకో ఆవిడ మాట్లాడుకుంటుంటే జేన్ చెవిన పడుతుంది. తన జీతం మంచిదే అయినా గ్రేస్ పూల్‌కి వచ్చేదాంట్లో ఐదో వంతు కూడా కాదని లియా అంటుంది, ఈ టీచర్‌కి విషయం తెలుసా అని రెండో ఆవిడ అడగబోతుంటే లియా తల అడ్డంగా ఊపి ఆపేస్తుంది. ఎవరికీ కనబడకుండా పైన కూర్చుని బట్టలు కుట్టుకునే మనిషికి అంత డబ్బు ఎందుకు ఇస్తున్నారు? దయ్యానికి జీతం ఇవ్వక్కర్లేదు కదా, కాపలాకే ఇవ్వాలి. రెండోసారి చదివినవాళ్ళకి ఈ సీన్ నవ్వు కన్నా ఎక్కువ వణుకు పుట్టిస్తుంది, ఎందుకంటే ఇంట్లో పనివాళ్ళకి ఏదో తెలుసు, జేన్‌కి ఒక్కదానికే తెలియకుండా జాగ్రత్త పడుతున్నారు.

ఇప్పుడు రహస్యం. పైన ఉన్నది ఇంటి యజమాని రోచెస్టర్ భార్య, బెర్తా మేసన్. జేన్‌తో పెళ్ళి జరుగుతుండగా చర్చిలోకి లాయర్ వచ్చి ఆపేస్తాడు, పదిహేనేళ్ళ కిందట జమైకాలోని స్పానిష్ టౌన్‌లో ఈయనకి పెళ్ళి అయిందని, ఆ భార్య బతికే ఉందని. ఇరవై ఏడో అధ్యాయంలో రోచెస్టర్ తన కథ చెప్తాడు, అదీ డబ్బుతోనే మొదలవుతుంది. తండ్రికి ఆస్తి ముక్కలు చేయడం ఇష్టం లేదు, అంతా పెద్దకొడుకు రోలండ్‌కే, అలాగని చిన్నకొడుకు పేదవాడిగా మిగలకూడదు, అందుకని వెస్టిండీస్‌లో తోటలు, వ్యాపారం ఉన్న మేసన్ కూతుర్ని చూశారు, ముప్పై వేల పౌండ్ల కట్నం. జమైకాలో తోటలంటే ఆ కాలంలో బానిసల చెమటతో నడిచినవి, బ్రిటిష్ పార్లమెంటు బానిసత్వాన్ని రద్దు చేసే చట్టం తెచ్చింది 1833లో. నవల ఆ మాట పెద్దగా ఎత్తదు, కానీ మూడో అంతస్తులోంచి వచ్చే చప్పుడు ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడి నుంచే వస్తోందని నేను గట్టిగా నమ్ముతాను.

విడాకులు ఇచ్చేయొచ్చు కదా అని ఇప్పటి రీడర్‌కి వస్తుంది, ఇక్కడ చట్టం తెలియకపోతే నవల సగం అర్థం కాదు. 1857 వరకు ఇంగ్లండ్‌లో మళ్ళీ పెళ్ళి చేసుకునే వీలున్న విడాకులు కావాలంటే పార్లమెంటులో ఆ ఒక్క జంట కోసం చట్టం పాస్ చేయించాలి, మతిస్థిమితం లేకపోవడం అనేది విడాకులకి కారణంగా 1937లో గానీ రాలేదు. ఇది రోచెస్టర్ వైపు. బెర్తా వైపు చూస్తే, పెళ్ళి అవగానే భార్య డబ్బు భర్తది అవుతుంది, భార్యకి తన సొంత ఆస్తి నిలుపుకునే హక్కు 1870, 1882 చట్టాలతో మెల్లగా వచ్చింది. అంటే ముప్పై వేల పౌండ్లు తెచ్చిన మనిషి తాళం వేసిన గదిలో ఉంది, ఆ పెళ్ళి వల్ల డబ్బున్నవాడైన మనిషి తాళంచెవి పట్టుకుని తిరుగుతున్నాడు.

హీరో దగ్గర చాలామంది బోల్తా పడతారు. రోచెస్టర్ మాటకారి, బాధపడ్డవాడు, మోసపోయినవాడు, అతని దిగులు చూస్తే జాలి వేస్తుంది, వేయాలి కూడా, బ్రాంటే అలాగే రాసింది. కానీ దిగులుగా ఉండే హీరో కనబడగానే ఒక పని చేయండి, అతను చెప్పిన విషయాల్లో వేరేవాళ్ళు కూడా చెప్పినవి ఏవి, అతను ఒక్కడే చెప్పినవి ఏవి అని విడదీయండి. బెర్తా గుణం గురించి, పెళ్ళయిన కొత్తలో ఏం జరిగిందన్న దాని గురించి మనకి తెలిసినదంతా అతని నోటి నుంచే. బెర్తా నవలలో మనకి నేరుగా ఒక్క మాట కూడా మాట్లాడదు, నవ్వుతుంది, అరుస్తుంది, కొరుకుతుంది. ఆమె వైపు కథని జీన్ రీస్ 'వైడ్ సర్గాసో సీ' నవలలో రాసేసరికి 1966 వచ్చింది. జాలి పడుతూనే ఈ లెక్క రాసుకోవడం అలవాటైతే మీకు ఏ గోతిక్ హీరో దగ్గరైనా కళ్ళు తెరిచి ఉంటాయి.

ఇక అసలు ప్రశ్న, ఈ భయం ఎవరిది? జేన్‌ది అని అందరూ అంటారు, కరెక్టే, కానీ దేని భయం? ఇరవై నాలుగో అధ్యాయం తీయండి. ఎంగేజ్‌మెంట్ అయ్యాక రోచెస్టర్ ఆమెని షాపింగ్‌కి తీసుకెళ్ళి పట్టుబట్టలు, నగలు కొంటానంటాడు, అతను కొనేకొద్దీ జేన్‌కి సిగ్గుతో చిరాకుతో మొహం మండిపోతుంది. ఏడాదికి ముప్పై పౌండ్ల జీతం మనిషి, తనదంటూ కాస్త డబ్బు ఉంటే ఇలా బొమ్మలా అలంకరించుకోవాల్సిన పని ఉండదనుకుని, మదీరాలో ఉన్న బాబాయికి నాకు పెళ్ళని ఉత్తరం రాయాలని అక్కడే నిర్ణయించుకుంటుంది. ఆ ఉత్తరం చేరినప్పుడు జమైకాకి తిరిగి వెళ్తున్న బెర్తా సోదరుడు ఆ బాబాయి దగ్గరే ఉంటాడు, అలా విషయం బయటపడుతుంది, లాయర్ చర్చికి వస్తాడు. చూశారా, పెళ్ళిని ఆపింది దయ్యం కాదు, యాక్సిడెంట్ కూడా కాదు, భర్త డబ్బు మీద పూర్తిగా ఆధారపడిపోతానేమో అన్న జేన్ భయమే ఆ ఉత్తరం రాయించింది.

దీన్ని పెళ్ళికి రెండు రాత్రుల ముందు జరిగినదాంతో కలిపి చదవండి. జేన్ గదిలోకి ఒక ఆకారం వస్తుంది, రోచెస్టర్ లండన్ నుంచి తెప్పించిన ఖరీదైన పెళ్ళి ముసుగు తన తలమీద వేసుకుని అద్దంలో చూసుకుంటుంది, తర్వాత పైనుంచి కిందికి రెండుగా చింపి తొక్కేస్తుంది. జేన్‌ని ముట్టుకోదు. జేన్ సొంతంగా సిద్ధం చేసుకున్న సాదా ముసుగు జోలికీ పోదు. ఏ వస్తువు చిరిగింది, ఏది చిరగలేదు అన్నది రాసుకుంటే మీకు జవాబు దానంతట అదే వస్తుంది, అప్పుడు షాపులో జేన్ నోరు తెరిచి అనలేకపోయినదాన్ని పైఅంతస్తు మనిషి రాత్రి చేసి చూపించింది. ఇదంతా కల అని, గ్రేస్ పూల్ పని అని రోచెస్టర్ సర్దిచెప్తాడు.

ఒక హెచ్చరిక. "ఇల్లు అంటే మనసు, అటక అంటే అణిచిపెట్టిన కోరిక" అని టకటకా రాసేస్తే పని అవ్వదు, అది పూర్తి తప్పని కాదు, కానీ ఆ జవాబుని యుడాల్ఫోకి అతికించినా అతుక్కుంటుంది. మీరు రాసిన వాక్యంలో థార్న్‌ఫీల్డ్ తీసేసి వేరే కోట పేరు పెట్టి చూడండి, వాక్యం చెక్కుచెదరకుండా నిలబడితే మీరు ఇంకా నవలలోకి దిగలేదన్నమాట. ముప్పై వేల పౌండ్లు, ఐదో వంతు జీతం, చిరిగిన ముసుగు, ఇలాంటివి లేకుండా జవాబు రాయకండి.

ముగింపుని కూడా ఇదే కళ్ళతో చూడాలి. బెర్తా ఇంటికి నిప్పు పెట్టి పైకప్పు మీద నుంచి దూకి చనిపోతుంది, ఇల్లు బూడిద, రోచెస్టర్‌కి చూపు, ఒక చెయ్యి పోతాయి. పెళ్ళి ఆగాక ఇల్లు వదిలి వెళ్ళిపోయిన జేన్‌కి ఈలోగా బాబాయి ఆస్తి ఇరవై వేల పౌండ్లు వస్తే నలుగురికి సమానంగా పంచి తను ఐదు వేలు ఉంచుకుని, అప్పుడు తిరిగి వస్తుంది. భయం తీరినట్టే ఉంటుంది. కానీ అప్పటి చట్టం మారలేదు, ముందుగా వేరే ఒప్పందం రాయించుకుంటే తప్ప పెళ్ళయిన రోజున ఆ ఐదు వేలు కూడా భర్త చేతిలోకే వెళ్తాయి. బ్రాంటే ఆ ఒప్పందం మాట ఎక్కడా చెప్పలేదు, భర్తనే బలహీనుణ్ణి చేసింది. నాకు ఈ ముగింపు హాయి కన్నా ఎక్కువ కలవరం పెడుతుంది.

వచ్చే భాగానికి హోంవర్క్. రెండో అధ్యాయం మాత్రం చదవండి, పదేళ్ళ జేన్‌ని అత్త మిసెస్ రీడ్ ఎర్రగదిలో పెట్టి తాళం వేయించే సీన్. గది ప్లాన్ గీయండి, తాళం ఎవరు వేశారో, తొమ్మిదేళ్ళ కిందట ఆ గదిలో ఎవరు చనిపోయారో, ఆయన చివరి ఘడియల్లో జేన్ గురించి భార్య దగ్గర ఏం మాట తీసుకున్నాడో రాయండి. తర్వాత అక్కడి బీరువాలో ఒక రహస్య సొరుగు ఉంది, అందులో మిసెస్ రీడ్ దాచుకున్న పత్రాలు, నగలపెట్టె, చనిపోయిన భర్త చిన్న చిత్రం ఉంటాయి. ఆ మూడూ ఒకే సొరుగులో ఎందుకున్నాయో ఐదారు వాక్యాల్లో రాసి, జేన్ చూసిన వెలుతురు దయ్యమా కాదా అన్నది చివర్లో ఆలోచించండి.