టాన్సిల్ రాళ్లు: పిన్నీసు చేతిలోకి తీసుకునే ముందు

అద్దం ముందు నోరు బాగా తెరిచి సెల్‌ఫోన్ లైటు వేసుకుంటే, కొండనాలుకకు అటూ ఇటూ ఉన్న టాన్సిల్స్ మీద చిన్న చిన్న గుంటలు కనిపిస్తాయి. కొందరికి ఆ గుంటల్లో బియ్యపు నూక అంత తెల్లటి పలుకు ఇరుక్కుని ఉంటుంది, టాన్సిల్ రాయి అంటే అదే. అది చూసిన మరుక్షణం గోకి పారేయాలనిపిస్తుంది. ప్రమాదమంతా అక్కడే మొదలవుతుంది. ఆ పలుకు వల్ల దాదాపు హాని ఉండదు, దాన్ని తీయడానికి వాడే వస్తువు వల్లే గొంతు దెబ్బతింటుంది.

గాజువాకలో మా బంధువుల కుర్రాడికి ఇదే జరిగింది. నైట్ డ్యూటీలు, ఎప్పుడూ దిబ్బడ వేసే ముక్కు. చలికాలంలో అది మరీ ఎక్కువై రాత్రంతా నోటితోనే గాలి పీల్చేవాడు. నోటి వాసన వస్తోందని స్నేహితులు అన్నారని టెన్షన్ పడి, తెల్లటి చుక్కను పిన్నీసుతో కెలికాడు. చుక్క రాలేదు, రక్తం వచ్చింది. మూడో రోజుకు జ్వరం, మింగలేనంత నొప్పి. ఈఎన్‌టీ డాక్టరు ముందు ఆ ఇన్ఫెక్షన్‌కు మందులిచ్చి, తగ్గాక ముక్కు అలర్జీకి వైద్యం మొదలుపెట్టారు. ముక్కు తెరుచుకున్నాక పలుకులు పూర్తిగా పోలేదు గానీ, అరుదయ్యాయి.

ముక్కుకూ టాన్సిల్ రాయికీ సంబంధం ఏమిటంటే, రాలిపోయిన చర్మ కణాలు, అన్నం మెతుకుల తునకలు, చీమిడి, బాక్టీరియా కలిసి ఆ గుంటల్లో చేరతాయి. లాలాజలం బాగా ఊరుతుంటే చాలావరకు కొట్టుకుపోతాయి. నోరు ఎండితే అక్కడే ఉండిపోతాయి, లాలాజలంలోని కాల్షియం పట్టి మెల్లగా గట్టిపడతాయి. గాలి తగలని ఆ లోతుల్లో బతికే బాక్టీరియా గంధకం ఉన్న వాయువులను వదులుతుంది, కుళ్లిన గుడ్డు వాసన దానిదే. టమాటా, పాలకూర తిన్నందువల్ల ఇవి వస్తాయని కొందరు మానేస్తారు. కిడ్నీ రాళ్ల గురించి విన్న మాట అది, దీనికి వర్తించదు.

కాబట్టి మొదటి పని పుక్కిలించడమే. గ్లాసుడు గోరువెచ్చని నీళ్లలో అర టీస్పూను ఉప్పు కలిపి, తల కాస్త వెనక్కి వంచి, గొంతులో గరగర శబ్దం వచ్చేలా అర నిమిషం పుక్కిలించి ఉమ్మేయాలి. గ్లాసు అయ్యేవరకు ఇలా చేయాలి, నీళ్లు మింగకూడదు. అన్నం తిన్నాక, పడుకునే ముందు చేస్తే కొత్త చెత్త గట్టిపడక ముందే పోతుంది. రోజంతా నీళ్లు తాగుతూ ఉండాలి, నాలుకను కూడా శుభ్రం చేసుకోవాలి. పలుకు దానంతట అదే ఊడి కడుపులోకి పోయినా భయం లేదు.

పుక్కిలించినా రాక, పలుకు పైకే కనిపిస్తూ ఇబ్బంది పెడితే తడిపిన కాటన్ బడ్ ఒక్కటే ఇంట్లో వాడదగినది. తిన్న రెండు గంటల తర్వాత, చేతులు కడుక్కుని, కూర్చుని చేయాలి. పలుకు మీద నొక్కితే ఇంకా లోపలికి పోతుంది, దాని పక్కన టాన్సిల్‌ను మెల్లగా ఒత్తాలి. రెండు సార్లు ఒత్తినా రాకపోతే వదిలేయండి. బడ్ దూది వదులుగా ఉంటే వాడొద్దు, ఊడి గొంతులో పడొచ్చు. పిన్నీసు, అగ్గిపుల్ల, టూత్‌పిక్, హెయిర్‌పిన్ ససేమిరా వద్దు. టాన్సిల్‌లో రక్తనాళాలు ఎక్కువ, చిన్న గాటుకే రక్తం కారుతుంది. పిల్లలకూ, రక్తం పలుచబడే మందులు వాడేవారికీ ఇంట్లో అసలు తీయకూడదు. వాంతి వచ్చేలా ఉంటే ఆపేయాలి. రక్తం పది నిమిషాల్లో ఆగకపోతే నేరుగా విశాఖ కేజీహెచ్ లాంటి పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లాలి.

జ్వరం, ఒకవైపే భరించలేని నొప్పి, నోరు తెరవలేకపోవడం, మాట ముద్దగా రావడం, సొంగ కారడం ఉంటే అది రాయి సంగతి కాదు. టాన్సిల్ వెనక చీము పట్టి ఉండొచ్చు, ఆ రోజే డాక్టరుకు చూపించాలి. ఆపరేషన్ చేసి టాన్సిల్స్ తీసేయడం మాత్రం చివరి మాట. పెద్దవాళ్లకు ఆ నొప్పి రెండు వారాల దాకా ఉండొచ్చు, రక్తస్రావం భయం కూడా ఉంటుంది. ఎప్పుడో ఒక పలుకు వస్తోందని దానికి తొందరపడకూడదు.

మన ప్రాంతంలో ఇంకో సంగతి మరిచిపోకూడదు. చుట్టను మండే కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే పెద్దమ్మలు ఇప్పటికీ తీరప్రాంత ఊళ్లలో ఉన్నారు. ఖైనీ, గుట్కా నమిలేవారు సరేసరి. వీళ్లకు అంగిలి మీదో టాన్సిల్ మీదో తెల్లటి మచ్చ ఉండి, పుక్కిలించినా పోకపోతే, లేదా ఒక టాన్సిల్ మాత్రమే పెరిగినా, మానని పుండు ఉన్నా, మెడలో గడ్డ తగిలినా, దాన్ని టాన్సిల్ రాయి అనుకుని ఉప్పునీళ్లతో సరిపెట్టొద్దు. రెండు వారాలు దాటకముందే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరకు మీరే వెంటబెట్టుకుని వెళ్లండి, ఆ పెద్దవాళ్లు తమంతట తాము వెళ్లరు.