కొబ్బరి కోరు మిషన్‌కి క్రౌడ్‌ఫండింగ్: పేజీ పెట్టే ముందు జాగ్రత్తలు

అమలాపురంలో మా తమ్ముడు మోటారుతో తిరిగే కొబ్బరి కోరు మిషన్ తయారుచేశాడు. దాని తయారీకి జనం దగ్గర ముందుగానే డబ్బు పోగుచేసే క్రౌడ్‌ఫండింగ్ సైటులో పేజీ పెడదామంటే ముందు ఇవి చూసుకోమన్నాను.

☐ పేటెంట్ ఆలోచన ఉంటే వీడియో బయటపెట్టకముందే ప్రొవిజనల్, అంటే తాత్కాలిక దరఖాస్తు వేయాలి. ఒకసారి జనానికి చూపించాక అది కొత్తది కాదంటారు. పూర్తి దరఖాస్తుకి 12 నెలల గడువుంటుంది.

☐ రివార్డు, అంటే డబ్బిచ్చినవాళ్లకి పంపే వస్తువు, ధర కాగితం మీద లెక్కేయాలి. వాడు ముందుగా కొన్నవాళ్లకి 1,500 అన్నాడు. తయారీకి 1,100, పెట్టె, కొరియర్ 220, సైటు, పేమెంట్ ఫీజులు 8 శాతం అనుకుంటే 120. మిగిలేది 60. ఇరవై అమ్మితే 1,200. అందులో ఒక్కటి దారిలో విరిగితే బదులు పంపడానికి 1,320! జీఎస్టీ ఇంకా కలపనే లేదు. అందుకే 1,800 చేయించాను. టీషర్టుల రివార్డులు తీసేయించాను, అదో వేరే తలనొప్పి.

☐ వీడియోలో కంప్యూటర్ బొమ్మ వద్దు. కిక్‌స్టార్టర్ అనే క్రౌడ్‌ఫండింగ్ సైటు అయితే అచ్చం నిజంలా కనిపించే బొమ్మల్ని ఒప్పుకోదు, పనిచేసే నమూనా అడుగుతుంది. చిప్ప పెట్టిన దగ్గర్నుంచి కోరు పళ్లెంలో పడేదాకా కట్ లేకుండా తీయాలి. మోటారు మోత వినపడాలి, పాట వేసి కప్పేయకూడదు.

☐ పేజీలో రాసే కథలో అమ్మ వేలు తెగిన సంగతి రెండు వాక్యాలు చాలు. బ్లేడు ఎవరు చేస్తున్నారు, ఏది ఆలస్యం కావచ్చు అన్నది మాత్రం వివరంగా రాయాలి.